ఫోన్‌లో పాస్‌కీ, చేతిలో సెక్యూరిటీ కీ: పోయినప్పుడు ఏది నయం?

తిరుపతి బస్టాండ్ రద్దీలో మీ ఆండ్రాయిడ్ ఫోన్ పోయిందనుకోండి. పాస్‌కీ అంటే పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో ఖాతా తెరిచే డిజిటల్ తాళంచెవి. గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకున్న పాస్‌కీలు ఫోన్‌తో పాటు పోవు. అవి మీ గూగుల్ ఖాతాలో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. కొత్త ఫోన్‌లో ఖాతా తెరిచి, పాత ఫోన్ స్క్రీన్ లాక్ గానీ పాస్‌వర్డ్ మేనేజర్ పిన్ గానీ కొడితే తిరిగొస్తాయి. చిక్కంతా ఆ ఖాతా తెరవడంలోనే ఉంది. సిమ్ కూడా పోయింది కాబట్టి డూప్లికేట్ సిమ్ తీసుకునేదాకా ఓటీపీ రాదు. అందుకే గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను ముందే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోవాలి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది.

లాగిన్ అయ్యేటప్పుడు ఫోన్‌కో కంప్యూటర్‌కో గుచ్చే చిన్న పరికరం, యూఎస్‌బీ సెక్యూరిటీ కీ సంగతి వేరు. అందులోని రహస్యం బయటికి రాదు, కాపీ కాదు. పోతే పోయినట్టే. కాబట్టి రెండు కొని, ప్రతి ఖాతాలోనూ రెండింటినీ విడివిడిగా నమోదు చేయాలి. ఒకటి మీ దగ్గర, రెండోది చిత్తూరులో అమ్మ బీరువాలో ఉంచండి. మొదటిది పోతే రెండోదానితో లాగిన్ అయి, పోయినదాన్ని వెంటనే ఖాతా నుంచి తీసేయాలి.

దుకాణం నడుపుకునేవాళ్లకు నేను ఫోన్ పాస్‌కీనే చెబుతాను. కానీ గూగుల్ ఖాతాకు మాత్రం ఒక సెక్యూరిటీ కీ కూడా చేర్చమంటాను. ఫోన్, సిమ్ రెండూ పోయిన రోజు కొత్త ఫోన్‌కు దాన్ని గుచ్చి ఖాతాలోకి వెళ్లొచ్చు.