డిస్‌ప్లేలో 4 చూసి నమ్మకండి: మా వ్యాక్సిన్ ఫ్రిజ్ చేసిన నిర్వాకం

క్లినిక్‌కి వ్యాక్సిన్ ఫ్రిజ్ కొనబోతున్నవాళ్లు, ఈమధ్యే కొన్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. అమ్మినవాళ్ల పేరు రాయట్లేదు, గొడవ ఇంకా నడుస్తోంది, పైగా ఇలాంటివి అమ్మేది వాళ్లొక్కళ్లే అయ్యుండరు. అద్దం తలుపు, తాళం, లోపల ఫ్యాన్, పైన ఎర్ర అంకెల డిస్‌ప్లే, ముందువైపు "మెడికల్ ఫ్రిజ్" అని స్టిక్కర్. చూస్తే ఎవరికైనా నచ్చుతుంది, మాకూ నచ్చింది. కొన్న మూడో వారంలో అందులో ఉన్న 59 డోసుల్లో 43 పారేశాం.

సోమవారం ఉదయం 8:10కి క్లినిక్ తెరిచాం. డిస్‌ప్లే 4 చూపిస్తోంది. మా నర్సు రిజిస్టర్‌లో 4 అని రాసి తలుపు తీసేసరికి లోపల పెట్టిన డేటా లాగర్ మీద అలారం గుర్తు కనిపించింది. "సార్, ఒక్కసారి ఇటు రండి, ఇది మైనస్ అంటోంది" అని పిలిచింది. వెళ్లి చూస్తే లాగర్‌లో అప్పటి రీడింగ్ 3.4, అంటే బాగానే ఉంది. కానీ కనిష్ఠం దగ్గర -2.3 అని ఉంది. వ్యాక్సిన్లు ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య.

లాగర్‌ని కంప్యూటర్‌కి పెట్టి గ్రాఫ్ తీశాం. అది పది నిమిషాలకోసారి రాసుకుంటుంది. శనివారం రాత్రి 11:40కి 2 డిగ్రీల కిందకి దిగింది, 1:20కి సున్నా దాటి కిందకి వెళ్లింది, తెల్లవారుజామున 4:50కి -2.3, ఆ తర్వాత మెల్లగా ఎక్కుతూ ఆదివారం ఉదయం 7:00కి మళ్లీ సున్నా పైకి వచ్చింది. అంటే 5 గంటల 40 నిమిషాలు సున్నా కింద. ఆదివారం మాకు సెలవు, చూసేవాళ్లు లేరు. సోమవారం మేం వచ్చేసరికి అంతా మామూలే, ఒక్క సీసా మీద మంచు లేదు, ఒక్క పెట్టె తడవలేదు. ఆ లాగర్ లేకపోతే ఆ రోజు వచ్చిన పిల్లలకి ఆ మందే వేసేసేవాళ్లం, అది తలచుకుంటేనే ఇప్పటికీ గుండె దడ.

మరి డిస్‌ప్లే 4 ఎందుకు చూపించింది? రిజిస్టర్ వెనక్కి తిరగేశాను. ఉదయం 4, సాయంత్రం 4, ఉదయం 4, సాయంత్రం 4, మొదటిరోజు నుంచీ అంతే. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, తలుపు తీస్తూ వేస్తూ ఉండే ఫ్రిజ్‌లో అంకె కాస్తయినా కదలకుండా ఎలా ఉంటుంది? స్టాకంతా బయటికి తీశాక, తలుపు బార్లా తెరిచి ఐదు నిమిషాలు అలాగే వదిలేశాం. లోపల పెట్టిన థర్మామీటర్ 13కి ఎక్కింది. డిస్‌ప్లే మాత్రం తాపీగా 4. మాన్యువల్ వెతికితే ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది: అది మనం సెట్ చేసిన ఉష్ణోగ్రత, లోపల ఉన్నది కాదు. అసలుది చూడాలంటే ఒక బటన్ నొక్కిపట్టుకోవాలి, అప్పుడు కొన్ని సెకన్లు చూపిస్తుంది. అదైనా తలుపు దగ్గర పైమూల సెన్సర్‌ది, చల్లగాలి కొట్టేది వెనక గోడ నుంచి. కొనేముందు ఈ మాట ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సరే, ఆ ఉదయం చేసిన పని చెప్తాను, మీకెప్పుడైనా అవసరం పడొచ్చు. ముందు ఏదీ పారేయలేదు, ఏదీ వాడలేదు. పెట్టెలన్నీ ఒక సంచిలో వేసి "వాడొద్దు" అని పెద్ద అక్షరాలతో అంటించి, తెలిసిన డాక్టర్ గారి క్లినిక్‌లో పనిచేస్తున్న ఫ్రిజ్‌కి మార్చాం. పాడయ్యాయని తేలకముందే వాటిని బల్లమీద వదిలేస్తే, బాగున్నవి కూడా వేడికి పోతాయి. తీసుకెళ్లేటప్పుడు మా కుర్రాడు ఫ్రీజర్‌లోంచి రాయిలా గడ్డకట్టిన ఐస్ ప్యాకులు తీసి నేరుగా డబ్బాలో పెట్టబోయాడు. ఆపాను. అలా పెడితే దారిలో మరోసారి గడ్డకడతాయి. ప్యాకుల్ని బయటపెట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడేదాకా ఆగి అప్పుడు పెట్టాలి.

తర్వాత కాగితం మీద రాసుకున్నాం: ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు, కనిష్ఠం ఎంత, ఏ వ్యాక్సిన్, ఏ కంపెనీ, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, ఎన్ని డోసులు, ఏ అరలో ఉన్నాయి. ఆ వివరాలు, లాగర్ గ్రాఫ్ కలిపి ప్రతి తయారీ కంపెనీకి మెయిల్ చేశాం. ఇక్కడ ఒక ప్రశ్న వాళ్లందరూ అడిగారు: ఇంతకుముందు కూడా హద్దు దాటిందా? ఎందుకంటే ఇవి ఒకదానిమీద ఒకటి లెక్కకొస్తాయి. పాత డేటా తీస్తే గురువారం రాత్రి కూడా ఒకసారి దిగింది, కనిష్ఠం 0.6, రెండు డిగ్రీల కింద గంటన్నర. అప్పుడు అలారం రాలేదు, ఎందుకంటే మా లాగర్‌కి అలారం -0.5 డిగ్రీల కింద గంటసేపు ఉంటేనే మోగుతుంది. శుక్ర, శనివారాల్లో టీకాలు వేయించుకున్న పిల్లల పేర్లు ఎదురుగా పెట్టుకుని రెండు రోజులు టెన్షన్‌తో ఎదురుచూశాం. గురువారంది గడ్డకట్టే స్థాయికి చేరలేదు కాబట్టి ఆ డోసులు చెల్లుతాయి, మళ్లీ వేయనక్కర్లేదు అని కంపెనీలు రాతపూర్వకంగా ఇచ్చాక ఊపిరి పీల్చుకున్నాం.

శనివారం రాత్రి సంగతి వేరు. హెక్సావాలెంట్ 12, న్యూమోకాకల్ 9, హెపటైటిస్ బి 10, హెచ్‌పీవీ 5 డోసులు, మొత్తం 36, ఈ నాలుగింట్లోనూ అల్యూమినియం లవణం ఉంటుంది. మందు దానికి అతుక్కుని ఉంటుంది. గడ్డకడితే ఆ సన్నటి రేణువులు ఉండలు కట్టేస్తాయి, కరిగాక మళ్లీ మునుపటిలా విడిపోవు. బయటికి మామూలుగానే కనిపించొచ్చు, కానీ పనిచేయదు, పైగా సూది వేసినచోట బాధ ఎక్కువ. రోటావైరస్ చుక్కలు 7 డోసులు, వాటిలో అల్యూమినియం లేదు గానీ మా దగ్గరున్న రకం కూడా గడ్డకట్టకూడనిదే. ఇవన్నీ కలిపి 43, కంపెనీల జవాబు ఒకటే, వాడొద్దు.

ఎమ్ఎమ్ఆర్ 10, చికెన్‌పాక్స్ 6 మిగిలాయి. ఇవి పొడి రూపంలో ఉంటాయి, వీటికి భయం వేడి వల్ల, చలి వల్ల కాదు. ఆ 16 డోసుల పొడి వాడొచ్చన్నారు. కానీ పక్కనే పెట్టిన కలిపే ద్రవం గడ్డకట్టకూడదు, దాన్ని పారేసి అదే కంపెనీ నుంచి కొత్తది తెప్పించాం. వేరే కంపెనీది కలపకూడదు, క్లినిక్‌లో స్టెరైల్ వాటర్ ఉంది కదా అని అదీ కలపకూడదు.

మా పార్ట్‌నర్ డాక్టర్‌కి మనసు ఒప్పలేదు. "ముందువరసలో ఉన్నవి గడ్డకట్టి ఉండవేమో, నీళ్లు మైనస్ రెండు దగ్గర కూడా ఒక్కోసారి గడ్డకట్టకుండా ఉంటాయి కదా, షేక్ టెస్ట్ చేద్దాం" అన్నారు. ఆయనన్నది పూర్తిగా తప్పేం కాదు. ఆ టెస్ట్‌కి అదే కంపెనీ, అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలనే గడ్డకట్టించి కరిగించి, అనుమానం ఉన్న సీసానీ దాన్నీ ఒకేసారి ఊపి, పక్కపక్కన పెట్టి దేని అడుగున మడ్డి ముందు చేరుతుందో అరగంట చూడాలి. మా దగ్గర సగం ముందే నింపిన సిరంజిలు, వాటిలో అది సాగదు. రోటాకి అసలు వర్తించదు. పైగా లాగర్ ఉన్నది మధ్య అరలో, వెనక గోడ దగ్గర ఇంకెంత దిగిందో ఎవరికి తెలుసు? సీసా మీద వేడికి రంగు మారే గుర్తు బాగానే ఉందిగా అని కూడా అనుకోకండి, అది వేడిని మాత్రమే పట్టుకుంటుంది, గడ్డకట్టడాన్ని చూపించదు. చివరికి ఇద్దరం సంతకం పెట్టి పారేశాం.

ఇక అమ్మినవాళ్ల సంగతి. ఫోన్ చేయగానే "మీ లాగర్ తప్పు చూపిస్తుందండీ, మా డిస్‌ప్లే 4 ఉందిగా" అన్నారు. కాబట్టి లాగర్‌కి పరీక్ష పెట్టాం. గ్లాసు నిండా దంచిన ఐసు, అందులో కొంచెం మంచినీళ్లు, బాగా కలిపి, రీడింగ్ ఊరికే ఊగకుండా సెన్సర్‌ని ఉంచే గ్లైకాల్ సీసాలోంచి దాన్ని బయటకు తీసి, గ్లాసు గోడకి తగలకుండా మధ్యలో ముంచి కాసేపు ఆగాలి. కరుగుతున్న ఐసు ఎప్పుడూ సున్నా డిగ్రీలే. మాది 0.1 చూపించింది. వీడియో తీసి పంపాక లాగర్ గురించి మాట్లాడటం మానేశారు. మెకానిక్ వచ్చి విప్పితే కంప్రెసర్ రిలే కాంటాక్టులు మాడి అతుక్కుంటున్నాయి, అతుక్కున్నంతసేపు కంప్రెసర్ ఆగదు, థర్మోస్టాట్ చెప్పినా వినదు. ఆదివారం తెల్లవారుజామున 20 నిమిషాలు కరెంటు పోయింది, అప్పుడు చల్లబడి విడిపోయి ఉంటాయని అతని అంచనా, గ్రాఫ్ కూడా సరిగ్గా ఆ టైమ్‌కే పైకి తిరిగింది. రిలే ఉచితంగా మార్చారు. పోయిన మందుకి మాత్రం మాకు సంబంధం లేదన్నారు, వారంటీ కాగితంలో లోపల పెట్టిన సరుకు పూచీ తమది కాదని నిజంగానే ఉంది. వాపసు తీసుకోమంటే ఇప్పటిదాకా జవాబు లేదు.

మా తప్పూ ఉంది. వచ్చిన కొత్తలో రెండు రోజులు ఖాళీగా నడిపి చూసి సరిపెట్టేశాం, లాగర్ ఉండి కూడా రోజూ పొద్దున్నే కనిష్ఠం, గరిష్ఠం చూడలేదు. ఇప్పుడు రిజిస్టర్‌లో ఆ రెండు గడులు కొత్తగా గీశాం.

కొత్త ఫ్రిజ్ డబ్ల్యూహెచ్ఓ ఆమోదించిన పరికరాల జాబితా, అంటే పీక్యూఎస్ జాబితాలో ఉన్న మోడల్ చూసి తీసుకున్నాం, గడ్డకట్టకుండా రక్షణ గ్రేడ్ ఎ అని రాసి ఉన్నది. మీరు వేరేది తీసుకుంటే, లోపల నిండుగా సరుకు పెట్టి ప్రతి అరలో కొలిచిన రిపోర్టు అడగండి, డబ్బు కట్టకముందే అడగండి. ఇప్పటికే మా లాంటి ఫ్రిజ్ మీ దగ్గరుంటే, స్టాక్ వేరేచోటికి మార్చి, ఒక థర్మామీటర్ లోపల పెట్టి, ఐదు నిమిషాలు తలుపు తెరిచిపెట్టి డిస్‌ప్లే కదులుతుందేమో చూడండి. కదలకపోతే కింద రాయండి, అమ్మినవాళ్లకి అందరం కలిసి ఒకే ఉత్తరం పంపిద్దాం.