పాటకు 4 ఎంబీ, అదే పాట వీడియోకు 34: ఆడియో మోడ్ చాలాకాలం వాడాక నా అభిప్రాయం

యూట్యూబ్ మ్యూజిక్ ప్రీమియం రెండేళ్లకు పైగా వాడుతున్నాను. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి అక్కడ డేటా గురించి పెద్దగా పట్టించుకోను. లెక్క చూసుకోవాల్సింది మెట్రోలోనే. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా దాదాపు గంట ప్రయాణం, సాయంత్రం తిరుగు ప్రయాణం ఇంకో గంట. ఫోన్‌లో ఉన్నది రోజుకు 1.5 జీబీ ప్లాన్. ఆఫీసు మెసేజీలు, మ్యాపులు, ఇంటికి వీడియో కాల్, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఈ యాప్‌లో చాలా పాటలకు పైన Song, Video అని రెండు బటన్లు కనిపిస్తాయి. Songలో ఉంటే, అంటే ఆడియో మోడ్‌లో, వచ్చేది శబ్దం, ఆల్బమ్ బొమ్మ మాత్రమే. నార్మల్ క్వాలిటీలో శబ్దం సెకనుకు 128 కిలోబిట్లు. నాలుగు నిమిషాల పాటకు దాదాపు 4 ఎంబీ అవుతుంది. అదే పాటను 480పీ వీడియోలో చూస్తే, బొమ్మకే సెకనుకు సుమారు ఒక మెగాబిట్ వేసుకున్నా 30 ఎంబీ, శబ్దంతో కలిపి 34. గంటకు లెక్కేస్తే ఆడియో 60 ఎంబీ లోపే, వీడియో 500 ఎంబీ. అంటే రానూపోనూ వీడియోలే పెట్టుకుంటే రోజు డేటాలో మూడింట రెండు వంతులు మెట్రోలోనే అయిపోతుంది. ఆడియో అయితే పదో వంతు కూడా అవదు.

అయితే వీడియోలన్నీ ఒకేలా డేటా తినవు. వీడియోను కుదించేటప్పుడు ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య మారిన భాగానికే ఎక్కువ డేటా పడుతుంది. కదలని పోస్టర్ మీద సాహిత్యం మాత్రమే నడిచే లిరికల్ వీడియోలో మారేది చాలా తక్కువ, అందుకే దాని ఖర్చు ఆడియోకు దగ్గరగానే ఉంటుంది. వందమంది డాన్సర్లు, రంగుల పొడి, రెండు సెకన్లకో కట్ ఉన్న మాస్ పాట అలా కాదు. అదే 480పీలో, అదే నిడివికి ఎన్నో రెట్లు లాగుతుంది. 720పీకి వెళ్తే ఇంకా పెరుగుతుంది. మన సినిమా పాటల్లో ఇలాంటివే ఎక్కువ కాబట్టి సగటు లెక్కను నమ్ముకోకుండా మీరు వినే పాటలతోనే కొలుచుకోండి.

కొలవడం కష్టమేం కాదు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత మొబైల్ డేటా వాడిందో కనిపిస్తుంది. వైఫై ఆపి, ఆ అంకె రాసుకుని, ఈ మధ్య వినని పాటలు ఐదారు వరసగా పెట్టి, మళ్లీ చూడండి. ఒక్క పాటతో కొలిస్తే లెక్క తప్పుతుంది. అది పూర్తయ్యేలోపే యాప్ తర్వాతి పాటను కొంత దించుకుంటుంది. నిన్న విన్న పాటైతే ఫోన్‌లోనే దాచి ఉండి, డేటా అసలు కదలకపోవచ్చు.

పాటపాటకూ బటన్ నొక్కే పని లేకుండా సెట్టింగ్స్‌లో Don't play music videos అని ఒకటి ఉంది. నేను దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను. పాట మధ్యలో Video నుంచి Songకు మారితే మిగులు అంతగా ఉండదు, ముందుగా దిగిన బొమ్మ డేటా అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే మొదటే ఆపేయడం మేలు. ఇంకో లాభం కూడా ఉంది. వీడియోలో పాట ముందు వచ్చే డైలాగులు, మధ్యలో ఫైటు చప్పుళ్లు ఆల్బమ్ పాటలో ఉండవు. నేను వినాలనుకునేది ఆ పాటనే. ఇష్టపడి చేసిన డాన్స్ చూడాలనిపిస్తే ఇంటికొచ్చాక టీవీలో పెట్టుకుంటాను, అక్కడే అది బాగుంటుంది.

ఈ మోడ్ విలువ బాగా తెలిసొచ్చేది రోజు డేటా అయిపోయాక. చాలా ప్లాన్లలో అప్పుడు వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. వీడియో కదలదు, 128 కేబీపీఎస్ పాట కూడా ఆగి ఆగి తిరుగుతుంది. మొబైల్ నెట్‌వర్క్ ఆడియో క్వాలిటీని Lowకు మారిస్తే అది 48 కేబీపీఎస్, ఆ సన్నటి దారిలోనూ పడుతుంది. మొదలవడానికి కాసేపు పడుతుంది కానీ, వెనకాల వేరే యాప్‌లు నడవకపోతే అమీర్‌పేట రద్దీలో నిలబడి చివరిదాకా వినొచ్చు. తాళాలు, వయొలిన్లు కొంచెం మసకబారతాయి, గొంతు మాత్రం స్పష్టంగానే ఉంటుంది. మర్నాడు డేటా కొత్తగా రాగానే మళ్లీ Normalకు మార్చుకుంటాను. High పెడితే సెకనుకు 256 కిలోబిట్లు, పాటకు 8 ఎంబీ దాకా. మెట్రో చప్పుడులో మామూలు ఇయర్‌ఫోన్స్‌తో ఆ తేడా నాకు వినిపించలేదు, కాబట్టి దాన్ని ఇంట్లో వైఫైకే వదిలేశాను.

ఆడియో మోడ్ ప్రీమియం చందాదారులకే. డేటా మిగల్చడం ఒక్కటే కావాలంటే చందా కట్టకముందు మీ రోజు వాడకం చూసుకోండి. ఎప్పుడూ సగం మిగిలిపోతుంటే అవసరం లేదు. నాలాగా సాయంత్రానికే అయిపోతుంటే, నా మట్టుకు ఇది డబ్బుకు తగినదే.