హబ్ మోటారా, మిడ్ మోటారా: మా బావ బండి లెక్క

హన్మకొండలో మా బావ వాళ్లుండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు, కింద బండ్లు పెట్టేచోట ప్లగ్గు లేదు. అందుకని బ్యాటరీ తీసి పైకి తెచ్చుకునే ఎలక్ట్రిక్ స్కూటరే కావాలన్నాడు. నచ్చినవి రెండు. ఒకదానికి మోటారు వెనక చక్రంలోనే ఉంది. ఇంకోదానికి నడుమ ఉండి బెల్టుతో చక్రాన్ని తిప్పుతుంది, ధర కూడా ఎక్కువ. "బామ్మర్దీ, మోటార్లు చుట్టేటోనివి, ఏది మంచిదో నువ్వే చెప్పు" అన్నాడు.

బావి మోటార్లు చుట్టే మాకు ఒకటే లెక్క: మోటారును చంపేది వేడి. తిప్పే బలం ఎక్కువ కావాలంటే వైండింగ్‌లో కరెంటు పెరగాలి. కరెంటు రెట్టింపైతే రాగిలో వేడి నాలుగింతలవుతుంది.

హబ్ మోటారులో రాగి చుట్టలు ఇరుసుకు బిగించి కదలకుండా ఉంటాయి, చుట్టూ అయస్కాంతాల రింగు చక్రంతో పాటు తిరుగుతుంది. సాధారణంగా మధ్యలో గేరు ఉండదు. చక్రం ఒక చుట్టు తిరిగితే మోటారూ ఒక చుట్టే. బావ, అక్క ఎక్కితే బండితో కలిపి 250 కిలోలు. కాజీపేట రైల్వే బ్రిడ్జి నూటికి అయిదు ఎక్కుతుందనుకుందాం. చిన్న చక్రాల స్కూటర్ ఆ ఎత్తు ఎక్కాలంటే చక్రం దగ్గర సుమారు 35 న్యూటన్ మీటర్ల బలం కావాలి. హబ్ మోటారు అదంతా తానే ఇవ్వాలి. నడుమ మోటారుకు 8:1 తగ్గింపు ఉంటే, అంటే అది ఎనిమిది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేట్టుంటే, నాలుగున్నర చాలు. చిన్న మోటారే వేగంగా తిరుగుతూ సుఖంగా లాగుతుంది.

ఇక్కడే చాలామంది "అయితే నడుమ మోటారే మేలు" అనేస్తారు. కానీ ఆ ఎక్కుడు 400 మీటర్లనుకున్నా, 30 కిలోమీటర్ల వేగంతో నిమిషం కూడా పట్టదు. అంత బరువైన హబ్ ఆ కాసేపు వేడిని తనలో ఇముడ్చుకుని, దిగుడులో చల్లబడుతుంది. రెండు పాల క్యాన్లు కట్టుకుని రోజంతా ఊళ్లు తిరిగేవాళ్లకైతే నడుమ మోటారు తీసుకోమనే చెప్తాను. బావ పొద్దున ఒక్కడే బడికి పోతాడు, సాయంత్రం వస్తాడు. ఆయనకు హబ్ చాలు.

హబ్‌కు నేను భయపడేది నీళ్లకు. ఎండలో తిరిగి వేడెక్కిన హబ్ వానాకాలం రోడ్డు మీది నీళ్లలో మునిగితే లోపలి గాలి కుదించుకుని, సీలు పక్క నుంచో వైరు దూరే చోట నుంచో తేమను లాక్కుంటుంది. చక్రం స్థానం చెప్పే హాల్ సెన్సార్ దెబ్బతింటే బండి కదిలేటప్పుడు గరగరమంటూ కుదుపులిస్తుంది. టైరు మార్చినప్పుడు ఇరుసు నట్టు సరిగా బిగించకపోతే ఇరుసే తిరిగి వైర్లు మెలిపడి తెగుతాయి. నడుమ మోటారుకు ఈ తంటా లేదు గానీ, బెల్టులో గులకరాయి ఇరుక్కుందా, అంచు చిట్లిందా అని చూసుకుంటుండాలి.

నిజానికి నేను బావను ఎక్కువసేపు కూర్చోబెట్టింది బ్యాటరీ గురించి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. ఆ ఏడాది దేశంలో ఇలాంటివి వరుసగా జరిగాకే ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీల భద్రతకు పెట్టిన ఏఐఎస్-156 పరీక్షలు కఠినం చేశారు. అందుకే ఆ సవరణల తర్వాత తయారైన ప్యాకే తీసుకోమన్నాను.

60 వోల్టులు, 30 ఆంపియర్ అవర్ల ప్యాక్ అంటే 1.8 యూనిట్లు. కిలోమీటరుకు 30 వాట్ అవర్లు లెక్కేసినా, అడుగున అయిదో వంతు వదిలేసి 48 కిలోమీటర్లు వస్తుంది. బరువు పన్నెండు కిలోల దాకా, అంటే సగం బియ్యం బస్తా రోజూ మూడంతస్తులు మోసినట్టు. లోపల సెల్స్‌తో పాటు బీఎంఎస్ అనే బోర్డు ఉంటుంది. వోల్టేజీ, వేడి చూస్తూ తేడా వస్తే సరఫరా కోసేస్తుంది. మంచి ప్యాకుల్లో పెద్ద పిన్నులకు వెంటనే కరెంటు రాదు. ప్యాక్ గూట్లో కూర్చున్నాక చిన్న పిన్నుల ద్వారా బండితో మాట కలిసి, మోటారుకు కరెంటు పంపే కంట్రోలర్‌లోని కెపాసిటర్లు మెల్లగా నిండాకే అసలు సరఫరా తెరుచుకుంటుంది. లేకపోతే పెట్టిన ప్రతిసారీ నిప్పురవ్వ ఎగిరి పిన్ను మాడుతుంది.

మాడిన పిన్ను సంగతి బావకు చేతికిచ్చి చూపించాను. మా షాపుకొచ్చిన ఒక కనెక్టరులో ఇత్తడి నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ ఉబ్బింది. 30 ఆంపియర్లు పోతుంటే 10 మిల్లీ ఓముల అడ్డు చాలు, గోరంత చోట 9 వాట్ల వేడి పుడుతుంది. రోజుకు రెండుసార్లు తీసి పెట్టే బ్యాటరీకి ముందు అరిగేది ఆ పిన్నులే.

బావ హబ్ బండే కొన్నాడు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి మెట్ల పక్కన కాక, బాల్కనీలో నీడన, ఎర్త్ ఉన్న ప్లగ్గు వేయించాడు. మే నెలలో బడి పని మీద తిరిగొచ్చినా గంటసేపు చల్లారనిచ్చి, ప్యాక్ చేత్తో తాకి చూసి, అప్పుడే స్విచ్ వేస్తాడు.