శుభలేఖ మీది జంట ఫొటో: స్టూడియో నుంచి ప్రెస్ దాకా

మా చెల్లెలి పెళ్లికి ఎంచుకున్న కార్డు మెరుపు పూత లేని మీగడ రంగు కాగితం. దాని చుట్టూ వెడల్పాటి మెరూన్ అంచు, నడుమ వధూవరుల ఫొటో. ఇటువంటి కార్డు మీద ముఖాలు పసుపుగానో నల్లగానో తేలకుండా ఉండాలంటే ఎక్కడ ఏ పని చేయించుకోవాలో తెలుసుకోవడానికి ఒక స్టూడియోకు, ఒక డిజైన్ సెంటరుకు, రెండు ప్రెస్సులకు తిరిగాను.

ఫొటో తీయడం వరకు స్టూడియోకు వంక పెట్టలేను. వారు ముందుగా బూడిదరంగు కార్డును జంట చేతికిచ్చి ఒక ఫొటో తీసి, దాని ఆధారంగానే వైట్ బ్యాలెన్స్ సరిచేశారు. అచ్చయ్యే కొలతలోనే, అంగుళానికి 300 పిక్సెళ్లతో ఫైలు ఇచ్చారు. అయితే ఇద్దరి ముఖాలనూ ఒకే తెలుపుకు తెస్తామని అన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. ఇద్దరి మేనిఛాయలు వేరు. కలపవలసింది వారి మీద పడిన వెలుగు రంగునే గాని, చర్మపు ముదురు లేతలను కాదు.

నేను ఎక్కువసేపు గడిపింది డిజైన్ సెంటరులో. అక్కడి ఆపరేటరు తెర మీది రంగును నమ్మకుండా, ఫొటోషాప్‌లో `Info` ప్యానెల్ తెరిచి, ఐడ్రాపర్‌ను `5 by 5 Average`కు మార్చి, చెంప మీద పెట్టి, అక్కడ ఏ సిరా ఎంత శాతమో తెలిపే అంకెలు చదివారు. అచ్చుకు వాడే నాలుగు సిరాలు సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. మామూలుగా చర్మంలో పసుపు మెజెంటా కంటే కాస్త ఎక్కువగాను, సయాన్ మెజెంటాలో మూడో వంతు నుంచి సగం దాకాను ఉంటాయి. ఛాయ ముదిరేకొద్దీ సయాన్ పెరిగి, నలుపు కొద్దిగా చేరుతుంది. వధువు చెంప మీద సయాన్ 17, మెజెంటా 42, పసుపు 50 వచ్చాయి. వరుడికి సయాన్ 32, మెజెంటా 54, పసుపు 63, నలుపు 6. రెండూ సరిగానే ఉన్నాయి. కాని వధువు గడ్డం కింద మెజెంటా 58, పసుపు 49 కనిపించాయి. ఎర్ర చీర వెలుగు అక్కడ ప్రతిఫలించింది. ముఖమంతటినీ కదిలించకుండా, ఆ చోటుకు మాత్రమే మాస్క్ వేసి మెజెంటా తగ్గించారు. ఈ ఓపికే ఆ సెంటరు గొప్పతనం.

ఇక కాగితం సంగతి. పూత లేని కాగితం సిరాను పీల్చుకోవడం వల్ల బొమ్మను కూర్చే సన్నని సిరా చుక్క వ్యాపించి, ఫైలులోని 50 శాతం చుక్క అచ్చులో దాదాపు 70 శాతంగా కనిపించవచ్చు. అందుకని `Convert to Profile`లో పూత లేని కాగితపు ప్రొఫైలును, అంటే ఆ కాగితం మీద సిరాలు ఎలా కనిపిస్తాయో తెలిపే రంగుల వివరాన్ని, ఎంచుకోవాలి. పూత ఉన్న ఆర్ట్ పేపరు ప్రొఫైలుతో మార్చిన ఫైలును దీని మీద అచ్చువేస్తే ముఖం మురికిగా ముదురుతుంది. అయినా ఆ ప్రొఫైలుకు తెల్ల కాగితమే తెలుసు, మన మీగడ రంగు తెలియదు. కాబట్టి చర్మంలోని లేత భాగాల్లో పసుపును ఐదారు శాతం, మధ్య ఛాయల్లో మూడు శాతం తగ్గించారు. నుదుటి మీద పసుపు మెజెంటా కంటే తక్కువగా కనబడి నాకు మొదట కంగారు పుట్టింది గాని, ఆ లోటును కాగితమే పూరిస్తుందని నమూనా అచ్చు, అంటే ప్రూఫ్, చూశాక అర్థమైంది.

ఆ ప్రూఫ్ విషయంలోనే రెండు ప్రెస్సులకూ తేడా తెలిసింది. మొదటివారు మెరుపు కాగితం మీదే ప్రూఫ్ ఇస్తామన్నారు. అందులో ముఖాలు అందంగానే ఉన్నాయి, కాని మన కార్డు గురించి అది చెప్పేదేమీ లేదు. రెండవవారు అదే మీగడ కాగితం మీద, మెరూన్ అంచుతో సహా తీసి ఇచ్చారు. దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే ముఖాలు పాలిపోయి, లీలగా ఆకుపచ్చ తిరిగినట్టు అనిపించాయి. తెల్ల కాగితపు ముక్కలతో అంచును కప్పగానే ఆ పచ్చదనం మాయమైంది. అంటే లోపం సిరాది కాదు, పక్కనున్న మెరూన్ కంటికి కల్పించిన భ్రమ. చర్మానికి ఎరుపు కలపడానికి బదులు, ఫొటో నేపథ్యాన్ని వెచ్చని బూడిదరంగుకు మార్చి, అంచుకూ ముఖాలకూ మధ్య ఎడం పెంచాము.

ఈ రెండవ ప్రెస్సువారే మరో మంచి మాట చెప్పారు. మెరూన్‌ను నాలుగు రంగుల కలయికతో అచ్చువేస్తే, అంచు చిక్కదనం కోసం మెషిన్ మీద మెజెంటా పెంచినప్పుడల్లా అదే వరుసలో ఉన్న ముఖాలు కూడా ఎర్రబడతాయి. అందుకని మెరూన్‌ను విడిగా కలిపిన సిరాతో, ఐదవ ప్లేటుగా వేశారు. ఖర్చు కొంత పెరిగినా, ముఖం, అంచు దగ్గరదగ్గరగా ఉండే కార్డుకు నేను ఈ పద్ధతినే కోరుకుంటాను.