ఎండ్ స్క్రీన్‌తో రెండేళ్లు: ‘ధన్యవాదాలు’ చెప్పడం మానేశాక

అనంతపురం దగ్గర మా చీనీ తోటలోనే డ్రిప్ రిపేర్ల వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. వీడియో చివర్లో మన వేరే వీడియోలకు బాక్సులు చూపించే ఎండ్ స్క్రీన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఏ బాక్సు ఏ సెకనుకు కనపడాలో మనమే పెట్టుకోగలగడం. ఏడాదిన్నర పాటు దాన్ని పట్టించుకోలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మొదట్లో అందరిలాగే "నచ్చితే లైక్ చేయండి, ధన్యవాదాలు, మరో వీడియోలో కలుద్దాం" అనేసి, తర్వాత మ్యూజిక్ మీద ఇరవై సెకన్లు బాక్సులు పెట్టేవాణ్ణి. డ్రిప్ పైపుల్లో ఉప్పు పేరుకుంటే యాసిడ్ ఎక్కించే వీడియో ఒకటుంది, నిడివి 9:10. ఎంతమంది ఎక్కడిదాకా చూశారో చూపే దాని రిటెన్షన్ గ్రాఫ్ 8:46 దాకా నిలకడగా వచ్చి, ‘ధన్యవాదాలు’ అన్న చోట నిట్టనిలువునా పడిపోయింది. నా బాక్సులు వచ్చేది 8:50కి! అప్పటికే జనం వెళ్లిపోయారు. పోనీ బాక్సును ముందుకు జరుపుదామా అంటే, ఎండ్ స్క్రీన్ చివరి 20 సెకన్లు దాటి ముందుకు పోదు.

అందుకే యూట్యూబ్ స్టూడియో ఎడిటర్‌లో ఆ ఇరవై నాలుగు సెకన్లూ కత్తిరించేశా. ఇప్పుడు వీడియో 8:46కే అయిపోతుంది, అందులో నా చివరి మాట "ఇంత చేసినా చివరి చెట్టుకు నీళ్లు రాకపోతే ఫిల్టర్ విప్పి చూడాలి" అన్నది. ఎండ్ స్క్రీన్ మళ్లీ పెట్టి, ఆ మాట మొదలయ్యేసరికే ఫిల్టర్ కడిగే వీడియో బాక్సు వచ్చేలా చేశా. అంతే, బాక్సు కనపడినప్పుడు ఎంతమంది నొక్కారో చెప్పే End screen element click rate పెరగడం కళ్లారా చూశాను. కొత్త వీడియోల్లో ముగింపు మాటలే ఉండవు, "ఆ ఫిల్టర్ ఎలా విప్పాలో ఇదిగో, ఇందులో ఉంది" అని బాక్సు వచ్చే వైపు చెయ్యి చూపిస్తాను. ఆ మూలలో ప్రెజర్ గేజ్ లాంటిదేమీ లేకుండా ఫ్రేము చూసుకోవాలి, ఒకసారి ముల్లు మీదే బాక్సు పడింది.

ఒక దెబ్బ కూడా తగిలింది. పని తగ్గుతుందని కొన్నింటికి, ఏ వీడియో చూపాలో యూట్యూబే ఎంచుకునే Best for viewer పెట్టాను. తాడిపత్రి వైపు రైతు ఒకాయన ఫోన్ చేసి, "ఏమన్నా, ఫిల్టర్ అంటివి, నొక్కితే స్ప్రింక్లర్ల వీడియో వచ్చె" అన్నాడు. నిజమే, అది చూసేవాళ్లను బట్టి మారుతుంది. నోటితో ఒక వీడియో పేరు చెప్పినప్పుడు ఆ వీడియోనే ఎంచుకొని పెట్టాలి. కానీ అదే ఫిల్టర్ వీడియో మళ్లీ మెరుగ్గా తీస్తే, పాత వీడియోలన్నింటిలో ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. ఆ పని నాకింకా సగం మిగిలే ఉంది.

నా వీడియోలు చూసేవాళ్లు రిపేరు కోసం వస్తారు, తర్వాతి పని ఏదో వాళ్లకు కావాలి కాబట్టి ఇది నాకు కుదిరింది. వంటలకో కబుర్లకో ఇంతలా పనిచేస్తుందని చెప్పలేను. పైగా ఫోను జేబులో పెట్టుకుని వింటూ పని చేసుకునేవాళ్లకు ఏ బాక్సూ కనపడదు, వాళ్ల కోసం ఇప్పుడు వీడియో పేరు కూడా నోటితో చెబుతున్నాను.