గాన్ ఫ్యాన్ ఆరేళ్లు వాడాక: ధర స్కేల్ ముందే నిర్ణయించకుండా గీస్తే ఆ కోణానికి అర్థం లేదు

2023 మార్చిలో ప్రొద్దుటూరు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నలభై ఐదు డిగ్రీల గీత తెగిపోయింది, చూసినావా?" అన్నాడు. గాన్ ఫ్యాన్ అంటే చార్ట్ మీద ఒకే బిందువు నుంచి వేర్వేరు వాలుతో విసనకర్రలా గీసే గీతలు, వాటిలో నడిమిది ఈ నలభై ఐదు డిగ్రీల గీత. నేను కడపలో ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని అదే నిఫ్టీ చార్ట్ చూస్తున్నాను. నా గీత తెగలేదు, ధర ఇంకా దాని పైనే ఉంది. ఇద్దరం ఒకే పివట్ నుంచి, అంటే ధర మలుపు తిరిగిన ఒకే చోటు నుంచి గీశాం: 2022 జూన్ 17న పడిన 15183 కనిష్ఠం. ఇద్దరం కంటికి నలభై ఐదు డిగ్రీలు కనిపించేలాగే గీశాం. కాకపోతే వాడిది నిలువుగా పట్టుకున్న ఫోన్, నాది అడ్డంగా పరుచుకున్న స్క్రీన్.

వాడిని ఫోన్ అడ్డం తిప్పి మళ్లీ గీయమన్నాను. గీత ఇంకో చోట పడింది. రెండు వేళ్లతో చార్ట్‌ని కాస్త నొక్కి గీస్తే మరో చోట. ఒకే రోజు, ఒకే ధర, మూడు గీతలు.

అప్పటికి మూడేళ్లుగా వాడుతున్నాను ఈ ఫ్యాన్‌ని. డబ్బు కట్టి చేరిన ఒక ఆన్‌లైన్ క్లాసులో "1x1 అంటే 45 డిగ్రీలు, దాని పైన ఉంటే బలం, కింద ఉంటే బలహీనం" అని చెప్పారు గానీ, ఏ స్కేల్ మీద 45 అన్నది ఎవరూ చెప్పలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఈ పద్ధతి చెప్పిన అమెరికన్ ట్రేడర్ డబ్ల్యూ.డి. గాన్ కాలంలో చార్టులు కాగితం మీద చేత్తో వేసేవారు. గళ్ల కాగితంలో ప్రతి గడీ చదరం. అడ్డంగా ఒక గడి ఒక వారం, నిలువుగా ఒక గడి ఇన్ని పాయింట్లు అని ముందే రాసుకుంటారు. అప్పుడు గడి మూలనుంచి మూలకి గీసిన గీత 45 డిగ్రీలే, కోణమాని పెట్టి చూసుకోవచ్చు. గాన్ మాటలో 1x1 అంటే ఒక కాలపు గడికి ఒక ధర గడి. 2x1 దానికి రెట్టింపు వేగం, 1x2 సగం వేగం. డిగ్రీలు ఆ చదరం నుంచి పుట్టినవి. చదరం లేని చోట డిగ్రీకి అర్థం లేదు. స్క్రీన్ మీద జూమ్ చేసిన ప్రతిసారీ ఆ చదరం సాగిపోతుంది, నలిగిపోతుంది.

కాబట్టి నిజంగా కావాల్సింది ఒక్కటే అంకె: వారానికి ఎన్ని పాయింట్లు. దీన్ని ఎలా ఎంచుకోవాలన్నదే కష్టం. అదే నిఫ్టీ లెక్క మీద చూపిస్తాను.

15183 నుంచి వారానికి 40 పాయింట్ల చొప్పున ఒక గీత వేయండి. 2023 మార్చి 24తో ముగిసిన వారానికి సరిగ్గా 40 వారాలు అవుతాయి, కాబట్టి గీత 16783 దగ్గర ఉంటుంది. ఆ వారం కనిష్ఠం 16828. నలభై ఐదు పాయింట్ల తేడాతో గీత మీద నుంచి లేచినట్టు కనిపిస్తుంది. ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. నాకూ జలదరించింది.

ఇప్పుడు 40 బదులు 50 పెట్టండి. మార్చిలో గీత 17183 దగ్గర ఉంటుంది, ధర దాన్ని తెంచుకుని కిందికి పోయింది. కానీ అదే గీతని 2023 అక్టోబర్ దాకా లాగండి. 71 వారాలకి అది 18733. అక్టోబర్ 26న పడిన కనిష్ఠం 18838. ఈసారి 50 గీత దగ్గరికొచ్చి లేచింది, 40 గీత మాత్రం ఎనిమిది వందల పాయింట్లు కింద ఎక్కడో ఉండిపోయింది.

మార్చిని పట్టిన స్కేల్ అక్టోబర్‌ని వదిలేసింది, అక్టోబర్‌ని పట్టిన స్కేల్ మార్చిలోనే ఓడిపోయింది. అయిపోయిన చార్ట్ మీద స్కేల్‌ని అటూ ఇటూ జరుపుతూ పోతే ఏదో ఒక గీత ఏదో ఒక కనిష్ఠానికి తగులుతుంది. ఫ్యాన్‌లో తొమ్మిది గీతలు ఉంటాయి కాబట్టి తగలకపోతేనే ఆశ్చర్యం. ఎవరైనా అందమైన ఫ్యాన్ చిత్రం పంపితే నేను మొదట అడిగేది ఇదే: ఈ స్కేల్ ఎప్పుడు పెట్టావు, ఆ కనిష్ఠం పడక ముందా, పడ్డాకా?

ఆ ఫోన్ తర్వాత నేను పెట్టుకున్న నియమం, ముందటి పెద్ద కదలిక వేగాన్నే 1x1గా తీసుకోవడం. 2020 మార్చి 24న 7511 నుంచి 2021 అక్టోబర్ 19న 18604 దాకా పెరిగింది. అది 82 వారాల్లో 11093 పాయింట్లు, అంటే వారానికి సుమారు 135. ఈ అంకె 2022 జూన్ పివట్ పడే సమయానికే చేతిలో ఉంటుంది, ఎవరూ వెనక్కి వెళ్లి మార్చలేరు. గళ్ల కాగితం మీద ఒక గడికి 135 అని పైన రాసుకుని, అప్పుడు గీస్తాను.

ఈ స్కేల్‌తో వెనక్కి వెళ్లి చూస్తే ఏమైందంటే, 2022 డిసెంబర్ 1న 18887 తాకిన వారానికి 1x1 గీత 18423 దగ్గర ఉంది. ధర దాని పైన. మార్చి చివరికి 1x2 గీత 17883 దగ్గర ఉంది, ధర అప్పటికే దాని కింద. పావు వేగపు 1x4 గీత 16533 దగ్గర. ధర దానికి సుమారు మూడు వందల పాయింట్ల పైన ఆగింది, తాకలేదు. గీత మీద లేవడం అన్న అద్భుతం ఎక్కడా లేదు. కానీ పదహారు వారాల్లో ధర 1x1 పైనుంచి 1x2 కిందికి జారిందన్నది స్పష్టంగా కనిపించింది. పాత పెరుగుదల వేగంలో సగం కూడా నిలబెట్టుకోలేకపోయిందని దాని అర్థం. నేను ఫ్యాన్‌ని ఇప్పుడు దీనికోసమే వాడుతున్నాను, వేగం చూసుకునే మీటర్‌లాగా. ఇక్కడ కొను, అక్కడ అమ్ము అని అది చెప్పదు. నష్టం ఆపుకోవడానికి పెట్టే స్టాప్‌లాస్‌ని ఆ గీతల మీద పెట్టడం 2023లోనే మానేశాను.

స్క్రీన్ మీద చేసే పద్ధతి కూడా చెబుతాను. చార్టుల సైట్ TradingViewలో `Gann Fan` కి రెండు బిందువులు ఉంటాయి. రెండో బిందువు ఎక్కడ నొక్కితే 1x1 అక్కడినుంచే పోతుంది, అంటే స్కేల్ మన వేలు నిర్ణయిస్తోందన్నమాట. అందుకే ఎక్కడో ఒకచోట నొక్కేసి, తర్వాత దాని సెట్టింగ్స్‌లో `Coordinates` తెరిచి అంకెలు స్వయంగా టైప్ చేస్తాను. మొదటి బిందువు 15183. రెండోది వారపు చార్ట్‌లో 40 బార్ల తర్వాత, అంటే 40 వారాలకి, 15183 + 40 × 135 = 20583. ఇక ఎంత జూమ్ చేసినా, ఫోన్‌లో చూసినా లాప్‌టాప్‌లో చూసినా గీత అదే ధర మీద ఉంటుంది. కంటికి 45గా కనిపించాలన్న పట్టుదల ఉంటే ధర స్కేల్ సెట్టింగ్స్‌లో `Lock price to bar ratio` ఉంది. అది చూపుకే, లెక్కకి అక్కర్లేదు.

రెండు చోట్ల జాగ్రత్త. లాగ్ స్కేల్ ఆన్‌లో ఉంటే సమాన నిలువు దూరం సమాన పాయింట్లు కాదు, చదరం మళ్లీ చెడిపోతుంది. ఫ్యాన్ గీసేటప్పుడు మామూలు స్కేల్‌కి మార్చుకోవాలి. రెండోది, రోజువారీ చార్ట్‌లో సెలవులు. సైట్ బార్లు లెక్కపెడుతుంది, కాగితం మీద మీరు క్యాలెండర్ రోజులు లెక్కపెడితే రెండూ నెల తిరిగేసరికి విడిపోతాయి. అందుకే నేను వారపు చార్ట్‌కే కట్టుబడ్డాను.

ఒక షేర్‌కి పెట్టిన స్కేల్ ఇంకోదానికి పనికిరాదు. మూడు వందల రూపాయల షేర్ మీద వారానికి 135 పెడితే గీత ఆకాశంలోకి పోతుంది. పసుపు ఫ్యూచర్స్ మీద కూడా ఇదే పద్ధతిలో, ముందటి కదలిక వేగం తీసుకుని వేశాను. కాంట్రాక్ట్ మారినప్పుడు ధరలో వచ్చే గ్యాప్ వల్ల పివట్టే కదిలిపోతోంది, అక్కడ వదిలేశాను.

మా బావమరిది ఇప్పుడు ఫోన్ చేస్తే గీత తెగిందా లేదా అని అడగడు. "వారానికి ఎంత పెట్టినావు బావా?" అంటాడు. అంకె చెబుతాను, వాడు తన ఫోన్‌లో టైప్ చేసుకుంటాడు, ఇద్దరి గీతా ఒకే చోట పడుతుంది.