పై అధికారిని మెయిల్‌లోకి తేవాలంటే ఏది మేలు: సీసీ, బీసీసీ, లేక విడిగా రాయడం?

నెలవారీ నివేదిక శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు వెళ్లాలి. అందులో ఖర్చుల పట్టిక ఒక్కటే మిగిలింది. అది పక్క టీమ్‌లోని సహోద్యోగి ఇవ్వాలి. సోమవారం అడిగారు, బుధవారం గుర్తు చేశారు, జవాబు లేదు. ఇప్పుడు గురువారం ఉదయం. ఆవిడకీ మీకూ పైన ఉన్న మేనేజర్‌కి ఈ సంగతి తెలియాలి. మూడో మెయిల్ రాస్తూ ఆయన అడ్రస్ ఎక్కడ పెడతారు?

చాలామంది ముందు బీసీసీ వైపు చూస్తారు. గొడవ లేకుండా పని జరిగిపోతుందనిపిస్తుంది: ఆవిడకి తెలియదు, మేనేజర్‌కి తెలుస్తుంది. ఈ అవసరానికి మాత్రం మూడింటిలో అన్నిటికన్నా చెడ్డది ఇదేనని నా గట్టి అభిప్రాయం. బీసీసీలో ఉన్న పేరు టు, సీసీల్లో ఉన్నవాళ్లకి కనబడదు. కానీ బీసీసీలో ఉన్న మనిషికి ఆ పేర్లన్నీ కనబడతాయి. మేనేజర్ ఫోన్‌లో మెయిల్ తెరిచి, తాను ఏ వరసలో ఉన్నారో గమనించకుండా రిప్లై ఆల్ నొక్కి "ఇది ఎక్కడిదాకా వచ్చింది?" అని రాస్తే అది నేరుగా ఆవిడకీ వెళుతుంది. మీరు చాటుగా చేర్చారని ఆ క్షణంలోనే బయటపడుతుంది. పట్టిక రావచ్చు గానీ, ఆ తరవాత ఆవిడ మీ ప్రతి మెయిల్‌నీ అనుమానంగానే చదువుతుంది.

ఇంకో లోపం ఇంతగా పైకి కనబడదు. ఆవిడ పది నిమిషాల్లో పట్టిక పంపేసినా ఆ జవాబు బీసీసీలో ఉన్న మేనేజర్‌కి చేరదు. ఆయన దగ్గర మీ ఫిర్యాదు ఉంటుంది, పని పూర్తయిందన్న కబురు ఉండదు. సగం కథ విన్న మనిషి సాయంత్రం ఆవిడని పిలిచి అడిగితే తప్పు ఎవరిది?

ఇక మిగిలినవి సీసీ, విడిగా రాయడం. వీటి మధ్య ఎంచుకోవడానికి నేను ఒకటే చూస్తాను: మేనేజర్ ఇక్కడ ఏదైనా నిర్ణయం చెప్పాలా? గడువు జరపడమో, అసంపూర్తి అంకెలతో పంపడమో ఆయన ఒప్పుకోవాల్సిన విషయమైతే సీసీ మేలు. ముగ్గురూ ఒకే మాట ఒకేసారి చదువుతారు. అలా కాక, ఆవిడ మీద పని ఎక్కువైందనో, ప్రతి నెలా ఇదే జరుగుతోందనో చెప్పాల్సి వస్తే అది సీసీలో రాసే సంగతి కాదు. మేనేజర్‌కి విడిగా నాలుగు వాక్యాలు రాయాలి. పాత మెయిళ్లన్నీ గుదిగుచ్చి ఫార్వర్డ్ చేయడం కన్నా కొత్త మెయిల్ నయం. ఆయన మీ మెయిల్‌కే జవాబు రాస్తూ ఆవిడని చేర్చవచ్చు, అప్పుడు కింద మీరు రాసిందంతా ఆవిడకి కనబడుతుంది. అందుకే విడిగా రాసేదైనా ఆవిడ చదివినా ఇబ్బంది లేని మాటల్లోనే ఉండాలి.

మన ఉదాహరణలో నిర్ణయం కావాలి, కాబట్టి సీసీ. అసలు కష్టం మాటల్లో ఉంది. ఆవిడకి ఒక్కదానికే రాస్తే ఇలా రాసేవారు:

"ఆ ఖర్చుల షీట్ ఇంకా రాలేదు, కాస్త చూడవా? రేపు 3కి పంపేయాలి."

ఇద్దరి మధ్య ఇందులో తప్పేమీ లేదు. మేనేజర్ పేరు చేరగానే చాలామంది చేతిలో ఇది ఇలా మారుతుంది:

"సోమవారం, బుధవారం కూడా అడిగాను. మీ నుంచి ఇంతవరకు ఎలాంటి స్పందన లేదు. దయచేసి వెంటనే పంపగలరు."

ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క కటువైన మాట లేదు. అయినా ఇది అభ్యర్థన కాదు, పంచాయితీ. మొదటి రెండు వాక్యాలూ ఆవిడ కోసం రాసినవి కావు; అవి ఆవిడకి తెలుసు. పైన చదివే ఆయన కోసం రాసినవి. నిన్నటిదాకా "నువ్వు" అన్న మనిషిని ఉన్నట్టుండి "మీరు" అనడం కూడా మర్యాదగా వినబడదు, దూరం జరిగినట్టే ఉంటుంది. చనువున్న చోట ఆ "నువ్వు"నీ ఈ "మీరు"నీ రెండింటినీ తప్పించి, పని చుట్టూ వాక్యం కట్టొచ్చు. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం. నెలవారీ నివేదిక రేపు మధ్యాహ్నం 3 గంటలకు వెళ్లాలి. ఖర్చుల పట్టిక ఒక్కటే మిగిలింది. పూర్తి అంకెలు ఈరోజు సాయంత్రం 5 లోపు వీలవుతాయా? కుదరకపోతే ప్రస్తుతానికి గత నెల అంకెలను అంచనాగా చూపించి, సోమవారం సవరించి పంపవచ్చు. ఆ రెండో దారికి మేనేజర్ గారి అంగీకారం కావాలి కాబట్టి వారిని సీసీలో చేర్చాను."

ఎన్నిసార్లు అడిగారన్న లెక్క ఇందులో లేదు. మేనేజర్‌కి అది కావాలంటే కింద పాత మెయిళ్ల తేదీలే చెబుతాయి. పలకరింపు టులో ఉన్న ఆవిడకే. సీసీలో ఉన్నవారు ఎంత పెద్దవారైనా మెయిల్ వారిని ఉద్దేశించింది కాదు. "5 లోపు వీలవుతాయా" అన్నది ప్రశ్న. ఆవిడ కాదన్నా మాట పోకుండా రెండో దారి అక్కడే ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి వాక్యం. పై వ్యక్తిని ఎందుకు చేర్చారో చెప్పకపోతే అవతలివాళ్లు తమకి తోచిన కారణం ఊహించుకుంటారు, అది ఎప్పుడూ చెడ్డదే అవుతుంది. వీలైతే మెయిల్ పంపే ముందు ఫోన్ చేసి "మేనేజర్ గారిని సీసీలో పెడుతున్నాను, గడువు గురించే" అని చెప్పండి. ఆ ఒక్క కాల్‌లోనే చాలాసార్లు పట్టిక వచ్చేస్తుంది.

పంపే ముందు ఇంకో పని ఉంది: మెయిల్ అడుగు దాకా దిగి చూడండి. సీసీలో కొత్తగా చేరిన మనిషికి కింద ఉన్న పాత సంభాషణంతా వెళుతుంది. ఇద్దరే ఉన్నారనుకుని రాసుకున్న చనువు మాటలో, ఎవరి మీదో విసుగో అక్కడ ఉంటే పాత గొలుసు వదిలేసి కొత్త మెయిల్ మొదలుపెట్టండి.

జవాబు ఇచ్చే వంతు వచ్చినప్పుడు ఆవిడ రిప్లై ఆల్ నొక్కడమే సరైనది. మేనేజర్‌ని వదిలేసి మీకొక్కరికే పంపితే ఆయన దృష్టిలో పని ఆగిపోయినట్టే ఉంటుంది. మీ వైపు నుంచి "పట్టిక అందింది, నివేదిక అనుకున్న సమయానికే వెళుతుంది" అన్నది అందరికీ వెళ్లాలి, ఎందుకంటే అది సమాచారం. ధన్యవాదాలకి మాత్రం ఆవిడ ఒక్కదానికి రాస్తే చాలు. జీమెయిల్ వాడేవారు సెట్టింగ్స్‌లో రిప్లై ఆల్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకుని ఉంటే ఓసారి చూసుకోవడం మంచిది. పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకునే వ్యవధి అక్కడే 5 నుంచి 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు.

బీసీసీకి నేను పూర్తి వ్యతిరేకిని కాను. ఒకరికొకరు తెలియని పాతికమందికి ఒకే ప్రకటన పంపాలంటే అదే సరైన చోటు: అడ్రస్‌లు బయటపడవు, ఎవరో రిప్లై ఆల్ కొట్టినా మిగతావాళ్లకి చేరదు. మేనేజర్ విషయంలోనూ దానికి ఒక మంచి వాడుక ఉంది, ఆయన్ని చేర్చడానికి కాదు, తప్పించడానికి. అంచనా అంకెలకి ఆయన సరేనన్నారు; ఇక మిగిలింది ఏ కాలమ్‌లో ఏది వేయాలన్న చర్చే. అప్పుడు సీసీలోంచి తీసి బీసీసీలో పెట్టి, మొదటి వాక్యంలోనే "మేనేజర్ గారిని బీసీసీకి మార్చాను, ఇక వివరాలు మనిద్దరం చూసుకుందాం" అని రాయాలి. ఆ మెయిల్ ఆయనకి అందుతుంది, తరవాతి జవాబులు అందవు.